ఆచూకీ ప్రకటనలో ఏం రాయాలి, ఏం రాయకూడదు: డీజీపీ గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ డీజీపీ గారికి,

నమస్కారం. ఒక జిల్లాలో విలేకరిగా పనిచేసి రిటైరయ్యాను. స్టేషన్ల నుంచి వచ్చే అదృశ్యం ప్రకటనలను చాలాకాలం పేపరుకు ఎక్కించాను. ఇప్పుడు మా ఊళ్లో ఎవరైనా తప్పిపోతే వెతికే కుర్రాళ్లతో కలిసి తిరుగుతున్నాను. అప్పట్లో రాసిన ఆ ప్రకటనలు వీధిలో నిలబడి వెతికేవాడికి ఎంత తక్కువగా పనికొస్తాయో ఇప్పుడు తెలుస్తోంది. 'ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు, చామనఛాయ, కోలముఖం.' ఏ బస్టాండుకు వెళ్లినా ఈ వర్ణనకు సరిపోయేవాళ్లు పదిమంది కనిపిస్తారు.

ఒక కేసు చెబుతాను. ఎవరినీ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. డెబ్బై దాటిన పెద్దాయన, జ్ఞాపకశక్తి తగ్గింది, తెల్లవారకముందే ఇంట్లోంచి వెళ్లిపోయారు. మధ్యాహ్నానికి వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చిన ప్రకటన ఇలా ఉంది: మతిస్థిమితం లేదు, కొడుకుతో ఆస్తి విషయమై మనస్పర్థలున్నట్లు తెలిసింది, తెల్లచొక్కా, లుంగీ, ఆచూకీ తెలిసినవారు కొడుకు నంబరుకు ఫోన్ చేయగలరు. దాని కింద ఇంటి డోరు నంబరు. ఫొటో ఏదో పెళ్లిలో తీసింది, పక్కన మనవరాలి ముఖం కూడా స్పష్టంగా ఉంది.

కొడుక్కి ఫోన్లు వచ్చాయి. 'మీ నాన్న మా దగ్గరే ఉన్నాడు, అన్నం పెట్టాం, అయిదు వేలు పంపండి' అన్నవాళ్లు ఉన్నారు. ఇరుగుపొరుగు మాత్రం ఆస్తి గొడవే మాట్లాడుకున్నారు. వెతికేవాళ్లందరం బస్టాండు, రైల్వే స్టేషన్ల చుట్టూ తిరిగాం. ఆయన మరుసటి రోజు ఇంటికి రెండు కిలోమీటర్లలోపే, కాలవ గట్టున మూతపడ్డ రైసుమిల్లు వెనక వరండాలో దొరికారు. ఒకప్పుడు ఆ మిల్లులోనే గుమస్తా. నీళ్లు లేక బాగా నీరసించారు గానీ బతికారు. ఆయన భార్య ఫిర్యాదు ఇచ్చేటప్పుడే 'మిల్లుకు పోవాలి, లెక్కలు రాయాలి' అని రోజూ అంటుంటారని చెప్పింది. ఆ మాట ప్రకటనలోకి రాలేదు. ఆస్తి గొడవ మాత్రం వచ్చింది.

జ్ఞాపకం తగ్గినవాళ్లు వెళ్లే తీరు వేరు. పాత ఇల్లో, పాత కొలువో మనసులో పెట్టుకుని బయల్దేరతారు. దారి ఎటు పోతే అటు నడిచి, ముళ్లపొదో గోడో కాలవో అడ్డం వచ్చినచోట ఆగిపోతారు. పేరు పెట్టి పిలిచినా చాలామంది పలకరు, సాయం అడగరు. అందుకే ఇలాంటి కేసులో మొదటి గంటల్లో ఇంటి చుట్టుపక్కల మూలలు, పొదలు, పాడుబడ్డ గదులు చూడాలి. బస్టాండు వదిలేయమని కాదు, అక్కడొక్కచోటే ఉండిపోవద్దని. ఈ సంగతి తెలియాలంటే వెతికేవాడికి జబ్బు పేరు అక్కర్లేదు. 'పిలిస్తే పలకకపోవచ్చు, చేయి పట్టి లాగితే భయపడతారు' అంటే చాలు.

నేను అడిగేది ఇదే. ప్రకటనలోకి వెళ్లే ప్రతి మాటకూ స్టేషన్ రైటరు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇది చదివినవాడు మనిషిని గుర్తుపట్టడానికో, కలిసినప్పుడు ఎలా మెలగాలో తెలుసుకోవడానికో పనికొస్తుందా? కులం, అప్పులు, మందలింపులు, ప్రేమ వ్యవహారం, అత్తింటి గొడవ, వీటిలో ఏదీ పనికిరాదు. అవి దర్యాప్తు చేసే ఎస్సైకి కావాలి, కేసు డైరీలో ఉండాలి. ఆ పెద్దాయన ప్రకటన ఇలా రాసి ఉంటే ఎలా ఉండేదో చూడండి:

'72 ఏళ్ల పెద్దాయన. ఈరోజు తెల్లవారుజామున 5.40కి రైల్వే గేటు దగ్గర కాలవ వైపు నడుస్తూ కనిపించారు. ఎడమకాలు కాస్త ఈడుస్తారు. సెల్‌ఫోన్ లేదు. "గుమస్తాగారూ" అంటే పలుకుతారు. కనిపిస్తే మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి, స్టేషన్ డ్యూటీ ఆఫీసరుకు గానీ 112కు గానీ చెప్పండి. వెంటబడవద్దు.'

ఇందులో చొక్కా రంగు నేను రాయలేదు. మొదటి రోజు రాయొచ్చు, కానీ రెండో రోజుకి ఎవరో పాత చొక్కా ఇచ్చి ఉండొచ్చు. నడక తీరు మారదు. ఫొటో పెళ్లిది కాకుండా ఈమధ్య ఇంట్లో తీసింది కావాలి, గడ్డం ఉంటే గడ్డంతోనే. పక్కనున్నవాళ్లను కత్తిరించాలి. ఇంకోటి, ఆయన కుడిచేతికి ఉన్న తాయెత్తు సంగతి కావాలనే వదిలేశాను. ఒక గుర్తు బయటపెట్టకుండా ఉంచుకుంటే డబ్బులడిగేవాణ్ని 'కుడిచేతికి ఏముంది?' అని ఒక్క మాటతో తేల్చేయొచ్చు. ఫోన్లు ఇంటివాళ్ల నంబరుకు కాకుండా స్టేషన్ నంబరుకు రావాలనేది కూడా ఇందుకే.

ఇంటి చిరునామా, వాడే మందులు, పాత కొలువు చోట్లు, చుట్టాల ఊళ్లు, ఇవన్నీ వెతికేవాళ్లకు కావాలి, నిజమే. వాటికి వేరే కాగితం ఉండాలి. అది గాలింపుకు నాయకత్వం వహించే ఒకరిద్దరి చేతిలోనే ఉండాలి. ఆర్టీసీ డిపో వాళ్లకో రైల్వే పోలీసులకో అవసరమైనంతవరకు నోటితో చెప్పాలి. గ్రూపులో పెడితే మాత్రం ఇక ఎవరి చేతుల్లోనూ ఉండదు, ఎన్ని షరతులు పెట్టినా సరే.

ఆడవాళ్ల విషయంలో ఇది మరింత పదును. 'వివాహిత అదృశ్యం' అని పేరు, ఊరు, అనుమానం అన్నీ రాసి పంపిస్తారు. ఆమె కొట్టే భర్త నుంచి పారిపోయి ఉంటే, అతని తరఫున వెతికిపెట్టే పని ఊరంతా చేసినట్టవుతుంది. మేజరైన మనిషి దొరికితే ఆమె చెప్పింది విని, ఆమె ఒప్పుకుంటేనే చిరునామా చెప్పాలి. ఇంటివాళ్లకు 'క్షేమంగా ఉంది' అన్న కబురు చాలు. పిల్లల సంగతి వేరు. 2013లో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం తప్పిపోయిన పిల్లల కేసును మొదట అపహరణో, అక్రమ రవాణానో అనుకునే నమోదు చేయాలి. ఫొటో వెంటనే తిప్పాలి కూడా. కానీ పాప దొరికాక కేసు పోక్సో కింద మారితే, సెక్షన్ 23 ప్రకారం ఆమె గుర్తింపు మీడియాలో బయటపెట్టకూడదు. అప్పటికి ఆ ఫొటో ఎన్ని ఫోన్లలో ఉంటుందో మీకు తెలియనిది కాదు.

అందుకే ముగింపు ప్రకటన తప్పనిసరి చేయండి. ఇప్పుడు దొరికాక ఎవరూ ఏమీ చెప్పరు. ఏళ్ల నాటి ప్రకటనలు ఇంకా తిరుగుతూనే ఉంటాయి, చదివినవాళ్లు ఇంటికి ఫోన్లు చేస్తూనే ఉంటారు. మొదటి ప్రకటన వెళ్లిన చోట్లకే, అదే క్రైం నంబరుతో, ఫొటో లేకుండా రెండు వాక్యాలు: 'ఆచూకీ లభించింది. పాత సందేశం, ఫొటో తీసేయండి.' ఎక్కడ, ఎందుకు, ఏ స్థితిలో అన్నది వద్దు. మనిషి ప్రాణాలతో దొరకని కేసులో ఇంటివాళ్లకు స్టేషన్ నుంచి ఒకరు స్వయంగా వెళ్లి చెప్పేదాకా గ్రూపుల్లోనూ పేపర్లకూ ఏమీ పోకూడదు.

దీనికి కొత్త యాప్ ఏదీ అక్కర్లేదు. ప్రతి స్టేషన్‌కూ ఒకే నమూనా, దానిలో 'కారణం' అన్న గడి లేకుండా, 'చివరిసారి ఎప్పుడు, ఎక్కడ, ఎటు వెళ్తూ' అన్న గడి నింపనిదే ముందుకు పోకుండా చేస్తే చాలు. ఒక సర్క్యులర్‌తో అయ్యే పని. అది మీ కార్యాలయం నుంచి వస్తే మా ఊరి విలేకరులకు నేనే చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ విలేకరి