స్లైడింగ్ స్కేల్ ఒక్కటే రాసి ఉంటే అడగండి

సిస్టర్స్, మన విజయనగరం వార్డులో ఏ కేస్ షీట్‌లోనైనా అప్పటి షుగర్‌ని బట్టి ఇన్సులిన్ ఇచ్చే స్లైడింగ్ స్కేల్ ఒక్కటే కనిపిస్తే డ్యూటీ డాక్టరుగారిని తప్పకుండా అడగండి. పొద్దున్న షుగర్ 140 ఉందని ఇన్సులిన్ ఇవ్వం, పేషెంట్ టిఫిన్, భోజనం తినేస్తారు. పడుకునే ముందు చూస్తే 340. అప్పుడు ఒకేసారి రెగ్యులర్ ఇన్సులిన్ ఎక్కువ ఇస్తాం. అర్ధరాత్రి దాటాక చెమటలు, వణుకు, షుగర్ 58. పెరిగాక వెంటపడటమే తప్ప పెరగకుండా ఆపేది అందులో ఏమీ లేదు.

దానికి బదులు బేసల్ బోలస్‌లో 60 కిలోల మనిషికి కిలోకి 0.4 యూనిట్ల చొప్పున రోజుకి 24 యూనిట్లు రాశారనుకోండి. రాత్రి గ్లార్జిన్ 12, మూడు పూటలా తినేముందు ర్యాపిడ్ 4 చొప్పున. స్కేల్ దానిమీద సవరణకే. ముసలివాళ్లకి, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి ఇంకా తగ్గించి రాస్తారు.

పేషెంట్ అన్నం ముట్టకపోతే ఆ పూట ర్యాపిడ్ 4 ఆపి డాక్టరుగారికి చెప్పండి. గ్లార్జిన్ మాత్రం అడగకుండా ఆపొద్దు, టైప్ 1 వాళ్లకయితే కీటోన్లు వచ్చేస్తాయి.