కెమెరా ముందు మాట జాగ్రత్త

సంపాదకులకు,

కల్తీ అంటూ తీస్తున్న యూట్యూబ్ వీడియోలు చూస్తుంటే పారాచూట్ కొబ్బరినూనె కేసు గుర్తొస్తోంది. 2018లో ఒక యూట్యూబర్ ఆ నూనెను ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, వేరే రకం నూనెతో రంగు పోల్చి, నాణ్యమైనది కాదని చెప్పాడు. కంపెనీ బాంబే హైకోర్టుకెళ్లింది. ఎండు కొబ్బరి నూనెకూ పచ్చి కొబ్బరి నుంచి తీసే వర్జిన్ నూనెకూ రంగు, వాసన ఒకటిగా ఉండవు కదా! వీడియో తీసేయమని 2020 జనవరిలో కోర్టు ఆదేశించింది. అప్పీలులో మాత్రం, అభ్యంతరకరమైన భాగాలు మారిస్తే ఉంచుకోవచ్చని తేలింది. అంటే విమర్శ తప్పు కాదు, ఆధారం లేకుండా తేల్చేయడం తప్పు.

'నాకు నచ్చలేదు' అనడం అభిప్రాయం. 'కల్తీ' అంటే ల్యాబ్ రిపోర్టు చేతిలో ఉండాలి, ఏ బ్యాచ్ ప్యాకెట్ పరీక్షించారో చూపాలి. మనుషుల మీదైతే ఇంకా జాగ్రత్త. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టానికి రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. నిజమే చెప్పినా, అది ప్రజల మేలు కోసమేనని చూపాలి.

ఇక 'ఇది కేవలం అవగాహన కోసమే' అని చివర్లో చిన్న అక్షరాలు వేసి, ఫలానా షేరు కొనమంటే సెబీ ఊరుకోదు. షుగర్ మాత్రలు మానేయమనే వాళ్లయితే ముందు తాము డాక్టరో కాదో, డబ్బు తీసుకున్నారో లేదో మొదటి నిమిషంలోనే చెప్పాలి.

- ఒక పాఠకుడు, విజయవాడ