ఈ టర్మ్ అవార్డులు: ఎవరి పేరు పంపాలి, ఎలా ఎంపిక చేస్తాం

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన టర్మ్ అవార్డుల్లో సగానికి పైగా ఒకే సెక్షన్‌కు వెళ్లాయని గేటు దగ్గర చర్చ నడుస్తోంది. అందులో పక్షపాతం లేదు. ఆ క్లాస్ టీచర్ ఓపిగ్గా చాలా పేర్లు రాసి పంపారు, మిగతా సెక్షన్ల నుంచి ఒకటో రెండో వచ్చాయి. అందుకే ఇకపై ఒక్కో విభాగానికి ప్రతి సెక్షన్ నుంచి సరిగ్గా ఇద్దరి పేర్లు రావాలి.

విభాగాలు మూడు: తోటివారికి సాయం, ప్రశ్నించే ఆసక్తి, మెరుగుదల. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మూడోది. ఇందులో పిల్లల్ని పక్కవాళ్లతో పోల్చం, టర్మ్ మొదట్లో వాళ్లెక్కడున్నారో దానితోనే పోలుస్తాం. జూన్‌లో ఒక పేరా చదవడానికి తడబడి, వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కున్న ఆరో తరగతి అమ్మాయి నిన్న అసెంబ్లీలో వార్తలు చదివింది. చివరి వార్త దాకా తల దించలేదు! ఫస్ట్ ర్యాంకు జాబితాలో ఈ పిల్ల ఎప్పటికీ కనిపించదు. ఇలాంటి పిల్లలు కనిపించాలనే ఈ విభాగం పెట్టాం.

నామినేషన్‌లో 'చాలా మంచి బాబు' అని రాస్తే సరిపోదు. ఏం చేశాడు, ఎప్పుడు, ఎవరు చూశారు అన్నది ఒక్క సంఘటనగా రాయాలి. తల్లిదండ్రులూ రాయవచ్చు, కానీ దయచేసి సొంత పిల్లల గురించి వద్దు. మీరు రాసి పిల్లల చేత సంతకం పెట్టించిన ఫారాలను మేం ఇట్టే గుర్తుపడతాం.

వచ్చిన నామినేషన్లలో పేర్లు, సెక్షన్లు తీసేసి, మార్కులు వేయడానికి ముగ్గురు టీచర్లకు ఇస్తాం. పేరు పంపినవారు గానీ బంధువులు గానీ ఆ విభాగంలో మార్కులు వేయరు. ఆ మార్కుల్ని నేరుగా కూడం. ఎందుకో చూడండి. ఒక టీచర్ మొదటి బిడ్డకు 9, రెండో బిడ్డకు 8, మూడో బిడ్డకు 7 వేశారు. ఇంకొకరు 8, 7, 6 వేశారు. మూడో టీచర్ 4, 9, 3 వేశారు. కూడితే మొదటి బిడ్డకు 21, రెండో బిడ్డకు 24. ఇద్దరు టీచర్లు మొదటి బిడ్డే ముందన్నా, ఒక్కరు వేసిన పెద్ద తేడాతో ఫలితం తారుమారైంది. అందుకని ఒక్కో టీచర్ మార్కుల్ని ముందు స్థానాలుగా మారుస్తాం. అప్పుడు మొదటి బిడ్డకు 1, 1, 2 కలిపి 4. రెండో బిడ్డకు 2, 2, 1 కలిపి 5. తక్కువ వచ్చినవారే విజేత. సమానమైతే ఇద్దరికీ ఇస్తాం.

ఫలితాలు వచ్చాక రాత్రి పదింటికి టీచర్లకు ఫోన్లు చేయకండి. సందేహముంటే ఆఫీసుకు రండి, పేర్లు లేని స్థానాల పట్టిక చూపిస్తాం.

నామినేషన్ ఫారాలు ఈ నెల 20 సాయంత్రం వరకే తీసుకుంటాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు