పేరెంట్స్‌ని పిలిచే మెసేజ్ కాస్త చూసి పెట్టండి

సంపాదకులు గారికి నమస్కారం,

మా గాజువాక వైపు ప్రైవేట్ స్కూళ్ళు ఇప్పుడు పేరెంట్స్‌ని ఒక్కొక్కళ్ళనీ విడిగా పిలిచి మాట్లాడుతున్నాయి. మంచి పనే, అందరినీ హాల్లో కూర్చోబెట్టి మైకులో చెప్తే మన పిల్ల సంగతి మనకి తెలీదు కదా. కానీ ఆ పిలిచే మెసేజ్ చూస్తేనే ఒళ్ళు మండుతోంది.

మా పాప క్లాస్ గ్రూపులో వచ్చింది చూడండి: శనివారం 2 నుంచి 5 దాకా, ఒక్కొక్కరికి 10 నిమిషాలు, లింకులో స్లాట్ బుక్ చేసుకోండి, ముందొచ్చినవాళ్ళకే. మూడు గంటలంటే 180 నిమిషాలు, అంటే 18 స్లాట్లు, క్లాసులో పిల్లలేమో 40 మంది! మిగతా 22 మంది ఎక్కడికెళ్ళాలి? పొద్దున పదకొండింటికి లింకు పెడితే డ్యూటీలో ఉన్నవాళ్ళు ఫోన్ చూసేసరికి అన్నీ అయిపోయాయి. బి షిఫ్ట్ వాళ్ళు మధ్యాహ్నం రెండుకి ఎక్కితే రాత్రి పదికి దిగుతారు, వాళ్ళకి స్లాట్ దొరికినా రాలేరు, పొద్దున పదింటికి పిలిస్తే హాయిగా వస్తారు.

40 మందికి 400 నిమిషాలు కావాలి, అంటే ఏడు గంటలకి కాస్త తక్కువ. ఒక్క పూటలో అవ్వదు, రెండు మూడు రోజులకి సర్దాలి, అందులో ఒక రోజు పొద్దున పూట ఉండాలి. లింకు బదులు డైరీలో చీటీ పంపించి వీలైన మూడు టైములు రాయమంటే చాలు, టీచరే కేటాయిస్తారు. షిఫ్టుల వాళ్ళకి ముందు ఇచ్చి, అదే స్కూల్లో ఇద్దరు పిల్లలున్న ఇంటికి పక్కపక్క స్లాట్లు ఇస్తే రెండుసార్లు సెలవు పెట్టక్కర్లేదు.

ఇంక ఏం తెచ్చుకోవాలి అన్నదానికి "అవసరమైన డాక్యుమెంట్లు" అని రాసి ఊరుకున్నారు. మా పక్కింటాయన ఆధార్, బర్త్ సర్టిఫికెట్, ఫీజు రసీదులు ఫైల్ కట్టి పట్టుకెళ్ళాడు పాపం, పది నిమిషాలూ ఫీజు మాటలకే సరిపోయాయి (ఫీజు సంగతి ఆఫీసు కౌంటర్లో చూసుకోవచ్చు కదా!). కావాల్సింది మొన్నటి పరీక్ష ఆన్సర్ పేపర్లు, ఎర్ర ఇంకు గీతలున్న నోట్‌బుక్కు, అడగాల్సిన రెండు ప్రశ్నలు రాసుకున్న కాగితం, పిల్లకి కళ్ళజోడో మందులో ఉంటే డాక్టర్ చీటీ, అంతే. మార్కుల కార్డు చూస్తే మా పాపకి లెక్కలు రావనే అనిపిస్తుంది, పేపర్ తిప్పి చూస్తే కూడికలు గుణకారాలు అన్నీ రైటు, మాటల్లో ఇచ్చిన లెక్కలే ఖాళీగా వదిలేసింది. అంటే ప్రశ్న చదివి అర్థం చేసుకోవడంలో ఇబ్బంది, దానికి లెక్కల ట్యూషన్ పెట్టి లాభమేంటి? పేపర్ ముందుంటేనే టీచరుతో ఆ మాట వస్తుంది.

ఈ మెసేజ్ తెలుగులో కూడా రాసి, కనీసం వారం ముందు పంపి, షిఫ్ట్ మారితే స్లాట్ మార్చుకోడానికి ఎవరికి ఫోన్ చెయ్యాలో కింద నంబరు ఇవ్వమని మీ పత్రిక ద్వారా స్కూళ్ళని అడుగుతున్నా.

ఇట్లు,
ఒక పేరెంట్, గాజువాక, విశాఖపట్నం