నెప్ట్యూన్ లెక్క అంత సూటిగా కుదరలేదు

సంపాదకుడు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ విద్యార్థుల పేజీలో, యురేనస్ కదలికలోని తేడాను బట్టి కనబడని నెప్ట్యూన్ ఎక్కడుందో లెక్కగట్టి పట్టుకున్న కథ చదివాను. యురేనస్ "కక్ష్యలో ఊగిపోతోందని", ఫ్రెంచ్ ఖగోళవేత్త లెవెరియే వేసిన లెక్క "అణువంత తేడా లేకుండా" కుదిరిందని రాశారు. ఈ రెండు మాటలనూ సవరించాలి.

యురేనస్ ఊగలేదు. అది ఎప్పుడు ఎక్కడుంటుందో చెబుతూ 1821లో ఖగోళవేత్త బువార్ వేసిన పట్టికలతో పోలిస్తే అది ఉండాల్సిన చోట ఉండటం లేదు, అంతే. 1845 నాటికి వచ్చిన తేడా పున్నమి చంద్రుడి వెడల్పులో దాదాపు పదిహేనో వంతు. అసలు ఆధారం ఆ తేడా ఎంతన్నది కాదు, అది ఎటు తిరిగిందన్నది. 1822కు ముందు యురేనస్ వేగం పుంజుకుంటూ వచ్చింది, ఆ తర్వాత నెమ్మదిస్తూ పోయింది. మైదానంలో లోపలి గీత మీద చురుగ్గా పరిగెత్తే పిల్లాడినీ, బయటి గీత మీద నిదానంగా పోయే పిల్లాడినీ సాగే తాడుతో కట్టారనుకోండి. బయటివాడు ముందున్నంతసేపు లోపలివాణ్ణి ముందుకు లాగుతాడు, వెనకబడ్డాక వెనక్కి లాగుతాడు. లాగుడు దిశ మారిన చోటే ఇద్దరూ పక్కపక్కన ఉన్నట్టు. యురేనస్ నెప్ట్యూన్‌ను ఇలా దాటడం సుమారు 171 ఏళ్లకోసారి జరుగుతుంది. 1781లో యురేనస్ కనబడ్డ నలభై ఏళ్లకే అది జరగడం ఖగోళవేత్తల అదృష్టం.

ఇక లెక్క సంగతి. పారిస్‌లో లెవెరియే, కేంబ్రిడ్జ్‌లో ఆడమ్స్ ఒకరికొకరు తెలియకుండానే ఈ పని చేశారు. కనబడని గ్రహం ఎంత దూరాన ఉందో తెలియక, గ్రహాల దూరాలు ఒక వరసలో పెరుగుతాయనే బోడె సూత్రాన్ని ఇద్దరూ నమ్ముకుని మొదలుపెట్టారు. లెవెరియేకు సూర్యుడి నుంచి భూమికున్న దూరానికి 36 రెట్లు వచ్చింది, నిజానికది 30 రెట్లే. బరువు అసలు కంటే రెట్టింపు వచ్చింది. సూర్యుణ్ణి చుట్టడానికి 217 ఏళ్లు పడుతుందన్నాడు, పట్టేది 165. ఇన్ని తప్పుల్లోనూ ఆకాశంలో చోటు మాత్రం దాదాపు సరిపోయింది. ఎందుకంటే యురేనస్ దాన్ని దాటిన ఆ కొన్ని దశాబ్దాల్లో ఆ గ్రహం ఏ దిక్కున ఉండి లాగిందో యురేనస్ కదలికే చెప్పేస్తుంది. దూరం ఎక్కువ వేసుకున్న లోటును ఎక్కువ బరువు పూడ్చేసింది.

1846 సెప్టెంబరు 23 రాత్రి బెర్లిన్‌లో ఖగోళవేత్త గాలే దూరదర్శినిలో చూస్తూ నక్షత్రాలను ఒక్కొక్కటే చదువుతుంటే, పక్కనున్న దారె కొత్త నక్షత్ర పటంలో సరిచూశాడు. పటంలో లేని చుక్క చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపలే దొరికింది. కేంబ్రిడ్జ్‌లో అదే గ్రహం కోసం వెతుకుతున్న ఖగోళవేత్త చాలిస్ ఆగస్టులోనే ఆ చుక్కను రెండుసార్లు నమోదు చేసి, రెండు రాత్రుల లెక్కలనూ వెంటనే పోల్చుకోక వదిలేశాడు. పాపం, నాకు ఎప్పుడూ ఆయన మీదే జాలి.

లెవెరియే తర్వాత బుధుడి కక్ష్యలోని తేడాకూ ఇదే మందు వేశాడు. సూర్యుడి దగ్గర వల్కన్ అనే గ్రహం ఉందన్నాడు. అది లేదు, ఆ తేడాకు కారణం 1915లో ఐన్‌స్టీన్ గురుత్వ సిద్ధాంతంలో దొరికింది. వచ్చే ఆదివారం సవరణ వేస్తే, వల్కన్ గురించి కూడా రెండు వాక్యాలు రాయించగలరు.

– విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, తెనాలి