విజేత ఫొటో పక్కన టికెట్ల లెక్క కూడా వేయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

కేరళ ఓణం బంపర్ ఫలితం వచ్చినప్పుడల్లా విజేత ఫొటో పత్రికల్లో పడుతుంది. మొత్తం ఎన్ని టికెట్లు అమ్ముడుపోయాయో చాలా వార్తల్లో కనిపించదు. మన రెండు రాష్ట్రాల్లో లాటరీలు నిషేధమే అయినా, పనికోసం అక్కడికి వెళ్లినవాళ్లు కొంటూనే ఉన్నారు. మా బావమరిది ఎర్నాకుళంలో సెంట్రింగ్ పని చేస్తాడు. పండక్కి ఇంటికొచ్చినప్పుడు పర్సులోంచి ఆధార్ జిరాక్సు తీసి, దాని మడతలో దాచుకున్న పాత బంపర్ టికెట్ చూపించాడు. ఖరీదు 500 రూపాయలు. "ఎవరో ఒకరికి తగలాల్సిందే కదా బావా" అన్నాడు.

తగలాల్సిందే, నిజమే. అయితే ఎంతమందిలో ఒకరికి? 2022లో మొదటి బహుమతి 25 కోట్లు, ఒక ఆటో డ్రైవర్‌కు వచ్చింది. ఆ ఏడాది అమ్ముడైనవి సుమారు 66 లక్షల 50 వేల టికెట్లు. 2011 జనాభా లెక్కల నాటి గ్రేటర్ హైదరాబాద్‌లో దాదాపు అంతమందే ఉన్నారు. చంటిపిల్లలతో సహా ఊరందరి చేతిలో తలా ఒక చీటీ పెట్టి, అందులో ఒక్కటి తీసినట్టు.

మా వాడికి ఇది ఇంకా దగ్గరగా తెలియాలని, అదే 2022 రోడ్డు ప్రమాదాల లెక్క చెప్పాను. దేశంలో ఆ ఏడాది రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అంటే గంటకు 19 మంది. జనాభా 140 కోట్లు అనుకుంటే, 11 గంటల్లో పోయేవాళ్లు సుమారు 66 లక్షల మందికి ఒకరు. ఒక్క టికెట్‌కు బంపర్ తగిలే అవకాశం, సగటు మనిషి పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం ఆరులోపు రోడ్డు మీద ప్రాణం పోగొట్టుకునే అవకాశం, రెండూ ఒకటే. పిడుగుపాటు మనం ఎంతో అరుదనుకుంటాం. ఆ ఏడాది దానికి 2,887 మంది బలయ్యారు. ఏడాది మొత్తానికి లెక్కేస్తే, ఒక టికెట్‌కు బంపర్ తగలడం కంటే పిడుగు ముప్పే దాదాపు 14 రెట్లు ఎక్కువ.

ఇవి సగటు లెక్కలని నాకూ తెలుసు. ఇంట్లో కూర్చున్నవారికి రోడ్డు ముప్పు తక్కువ, బండి మీద తిరిగేవారికి ఎక్కువ. ఆ ఏడాది రోడ్డు ప్రమాదాల్లో పోయినవారిలో హెల్మెట్ పెట్టుకోనివారే 50 వేల మంది. నేను ఈ లెక్క చెప్పిన సాయంత్రం కూడా మా వాడు హెల్మెట్ అద్దానికి తగిలించుకునే బజారుకు వెళ్లాడు. 66 లక్షల్లో ఒక అవకాశం తనదేనని నమ్మే మనిషి, అంతకంటే ఎంతో దగ్గరగా ఉన్న ప్రమాదం మాత్రం తనది కాదనుకుంటున్నాడు. నా బాధంతా ఇదే.

అందుకే అడుగుతున్నాను. ఈసారి విజేత ఫొటో వేసినప్పుడు దాని కింద ఒక్క వాక్యం కలపండి: "ఇన్ని లక్షల టికెట్లలో ఇది ఒకటి."

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, తెనాలి