ఏజెంటు రాసిన 'లేదు'తో ఆగిపోతున్న క్లెయిములు

కోనసీమ పల్లెల్లో జీవిత బీమా ప్రపోజల్ ఫారాలను ఏజెంట్లే నింపేసి, పార్టీతో సంతకం మాత్రం పెట్టించుకోవడం ఆగాలి. మా ఊళ్లో కొబ్బరి దింపు కార్మికుడొకరు ఏళ్లుగా షుగర్ మాత్రలు వాడేవారు. ఆ సంగతి ఏజెంటుకూ తెలుసు. అయినా మధుమేహం ఉందా అన్న చోట 'లేదు' అని రాశాడు. 'ఉంది' అంటే వైద్య పరీక్షలు, ఎక్కువ ప్రీమియం, పాలసీ ఆలస్యం. రెండో ఏడాదిలో ఆయన కిడ్నీలు చెడి చనిపోతే, ఆసుపత్రి కేస్ షీటులోని 'పాత మధుమేహ రోగి' అన్న ముక్క చూపి కంపెనీ క్లెయిము తిరస్కరించింది. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు నిండాక పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదు. ఆగిన పాలసీని పునరుద్ధరిస్తే మాత్రం ఆ లెక్క మళ్లీ మొదలవుతుంది. మూడేళ్లలోపైతే, దాచింది మోసంతో కాదని తేలినా వారసులకు దక్కేది కట్టిన ప్రీమియమే. పాలసీ కోసం మాట్లాడి కుదిర్చిన వ్యక్తిని కంపెనీ ప్రతినిధిగానే చూడాలని అదే సెక్షన్ చెబుతోంది. మరి అతనికి తెలిసిన జబ్బు కంపెనీకి తెలియనట్టు ఎలా అవుతుంది? పాలసీ ఇచ్చే ముందే ఆరోగ్య ప్రశ్నలన్నీ, రాసిన జవాబులతో సహా, కంపెనీ ఫోన్లో తెలుగులో చదివి వినిపించి రికార్డు చేయాలి. బీమా నియంత్రణ సంస్థ దీన్ని తప్పనిసరి చేయాలి.

– ఒక పాఠకుడు, అమలాపురం